నట్టు కదల్లేదు, చెక్కే నలిగింది
బడి బల్లకు ఏ వాషర్ ఎక్కడ వేయాలి?

హొసూరు ప్రాంతంలోని మా తెలుగు మాధ్యమ బడిలో ఏడో తరగతి గదిలో మూడో వరుస బల్ల ఒకటి ఉంది. ఇద్దరు కూర్చునే ఇనుప ఫ్రేము బల్ల అది. సీటు వెనకాల వీపు ఆనించుకోవడానికి ఒక ప్లైవుడ్ చెక్క ఉంటుంది. ఒకరోజు ఆ చెక్క ఒకవైపు ఊడి, దానికి ఆనుకుని కూర్చున్న పాప వెనక్కి పడింది. బయటికి పొడుచుకు వచ్చిన బోల్టు చివర గీరుకుని మోచేతికి మూడు కుట్లు పడ్డాయి.

ఆ చెక్క ఊడడం మొదటిసారి కాదు. అంతకుముందు రెండుసార్లు వదులైంది. రెండుసార్లూ మేం చేసిన వైద్యం ఒకటే. నట్టు కింద కొత్త స్ప్రింగ్ వాషర్ వేసి, స్పానర్‌తో ఇంకాస్త గట్టిగా బిగించాం. "స్ప్రింగ్ వాషర్ వేస్తే ఊడదు" అని అందరం నమ్మాం. మూడోసారి పాప పడ్డాక, ఎనిమిదో తరగతి విద్యార్థిని తండ్రి ఒకరు వచ్చి బల్ల చూశారు. ఆయన ఇక్కడి ఒక వర్క్‌షాపులో ఫిట్టరు.

ఆయన నట్టు విప్పి, చెక్కను చేత్తో తడిమి నన్ను పిలిచారు. "సార్, ఇక్కడ వేలు పెట్టి చూడండి" అన్నారు. బోల్టు రంధ్రం చుట్టూ చెక్క గుంటలా లోపలికి దిగిపోయింది. మొదట 9 మిల్లీమీటర్లు ఉండాల్సిన రంధ్రం అరిగి 12 మిల్లీమీటర్లు అయింది. చుట్టూ స్ప్రింగ్ వాషర్ అంచు కోసిన గుర్తులు ఉన్నాయి. "నట్టు విడవలేదు సార్. చెక్కే నలిగిపోతా ఉంది. మీరు బిగించిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దిగింది" అన్నారాయన.

ఆ మాటను నేను వెంటనే నమ్మలేదు. అందుకని ఆయన ఒక చిన్న పరీక్ష పెట్టారు. ఏ బల్లకైనా, ఏ ఇంట్లోనైనా చేసుకోదగిన పరీక్ష అది.

ఒక్క గీతతో పరీక్ష

పక్కనే ఉన్న మరో పాత బల్లకు నాలుగు బోల్టులూ బిగించి, పెయింట్ మార్కర్‌తో ఒక్కో బోల్టు మీద ఒక గీత గీశారు. ఆ గీత బోల్టు చివర మొదలై, నట్టు మీదుగా, వాషర్ మీదుగా చెక్క మీదికి తిన్నగా సాగుతుంది. అదే బల్లకు కింద, సీటు ఫ్రేమూ కాళ్ళ ఫ్రేమూ కలిసేచోట ఉన్న బోల్టులకు కూడా అలాగే గీశారు. అక్కడ చెక్క లేదు, ఇనుము మీద ఇనుమే.

పదిహేను రోజుల తర్వాత చూశాం. వీపు చెక్క వదులుగా కదులుతోంది. కానీ గీత తెగలేదు. నట్టు మీది గీతా, బోల్టు మీది గీతా, చెక్క మీది గీతా ఇంకా ఒకే వరుసలో ఉన్నాయి. అంటే నట్టు ఒక్క పిసరు కూడా వెనక్కి తిరగలేదు. తిరగకుండానే పట్టు పోయింది. ఆ పట్టు పోయింది చెక్క నలిగినందువల్లే.

కాళ్ళ దగ్గర జరిగింది వేరు. అక్కడ రెండు బోల్టుల మీద గీత తెగింది. నట్టు మీది ముక్క పక్కకు జరిగి, బోల్టు మీది ముక్కకు దూరమైంది. అంటే అక్కడ నట్టు నిజంగానే తిరిగి వదులైంది.

మొత్తం విషయం ఈ రెండు గీతల్లో ఉంది. బోల్టు వదులైందని మనం ఒకే మాట అంటాం కానీ, దాని వెనక రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి, కింద ఉన్న వస్తువు నలిగిపోవడం. రెండు, నట్టు తిరిగిపోవడం. మొదటిదానికి మందు వెడల్పాటి వాషర్. రెండోదానికి వాషర్ ఒక్కటే చాలదు. మేం మొదటి జబ్బుకు రెండోదాని మందు వేసి, పైగా చెక్కను కోశాం.

వెడల్పు చేసే పని

మన షాపుల్లో ప్లేన్ వాషర్ అనేది చదునైన ఇనుప బిళ్ళ. 8 మిల్లీమీటర్ల బోల్టుకు వచ్చే మామూలు ప్లేన్ వాషర్‌కు లోపలి రంధ్రం 8.4, బయటి వెడల్పు 16, మందం 1.6 మిల్లీమీటర్లు. నట్టు బలాన్ని తనకంటే కాస్త ఎక్కువ చోటు మీద పరుస్తుంది. నట్టు తిరిగేటప్పుడు కింది పెయింటు గీసుకుపోకుండా కాపాడుతుంది. రంధ్రం కాస్త పెద్దదైనా, పొడుగాటిదైనా దాన్ని కప్పుతుంది. ఇనుము మీద ఇనుము కలిసేచోట మామూలుగా ఇది సరిపోతుంది.

కేటలాగుల్లో పెన్నీ వాషర్ అని రాసేది కూడా ప్లేన్ వాషరే. రంధ్రం అదే, బయటి వెడల్పు మాత్రం చాలా ఎక్కువ. ఇంగ్లండులో పాత పెన్నీ నాణెం దాదాపు 31 మిల్లీమీటర్ల పెద్ద బిళ్ళ. ఆ పోలికతోనే ఈ పేరు. మోటారు బళ్ళ మడ్‌గార్డు రేకును బిగించడానికి ఎక్కువగా వాడతారు కనుక మడ్‌గార్డ్ వాషర్ అనే పేరూ ఉంది. రేకు పలుచన, చిన్న వాషర్ వేస్తే దాని అంచు దగ్గరే రేకు చిరుగుతుంది. పేరు చెబితే షాపువాళ్ళకు అర్థం కాకపోతే కొలత చెప్పండి. 8 బోల్టుకు, 24 వెడల్పు, 2 మందం అంటే ఏ భాషలోనైనా పని జరుగుతుంది. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. దానికంటే కాస్త చిన్న బిళ్ళ అన్నమాట.

16కూ 24కూ పెద్ద తేడా ఏముందని అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అందుకే మా అరిగిన రంధ్రాన్నే లెక్కగా పదో తరగతి పిల్లలకు ఇచ్చాను. వాషర్ చెక్కను తాకే చోటు ఒక ఉంగరం ఆకారం. బయటి వృత్తం వైశాల్యంలోంచి రంధ్రం వైశాల్యం తీసేస్తే అది వస్తుంది. మూడు సందర్భాల్లోనూ π/4 ఉమ్మడిగా ఉంటుంది కనుక, వ్యాసాల వర్గాలు తీసేసి పోల్చితే చాలు. రంధ్రం 12 మిల్లీమీటర్లు.

నట్టు ఆనే ముఖం సుమారు 13 మిల్లీమీటర్ల వృత్తం అనుకుంటే, 169లోంచి 144 పోగా 25. మామూలు ప్లేన్ వాషర్‌కు 256లోంచి 144 పోగా 112. పెన్నీ వాషర్‌కు 576లోంచి 144 పోగా 432.

అంటే వట్టి నట్టు కంటే మామూలు వాషర్ నాలుగున్నర రెట్లు చోటు మీద ఆనుతుంది. పెన్నీ వాషర్ పదిహేడు రెట్లు చోటు మీద ఆనుతుంది. బలం మారదు, అది పంచుకునే చోటు మారుతుంది. చెక్కలో ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లే పెరిగినా, అరిగిన రంధ్రం మీద ఆనే చోటు దాదాపు నాలుగు రెట్లు పెరగడం చూసి పిల్లలే ఆశ్చర్యపోయారు. రంధ్రం ఎంత అరిగితే మామూలు వాషర్ అంత త్వరగా పనికిరాకుండా పోతుందని కూడా ఇదే లెక్క చెబుతుంది. 12 రంధ్రం మీద 16 వాషర్ అంటే చుట్టూ మిగిలే అంచు 2 మిల్లీమీటర్లే.

ఒక జాగ్రత్త ఉంది. ఈ లెక్క వాషర్ వంగనంతవరకే నిజం. పలుచని పెద్ద వాషర్‌ను గట్టిగా బిగిస్తే అది నడిమి భాగం దిగి గిన్నెలా వంగుతుంది. అప్పుడు అంచులు లేచిపోయి, బలమంతా మళ్ళీ నట్టు కిందికే చేరుతుంది. బిగించాక వాషర్ అంచు చెక్క నుంచి లేచి కనిపిస్తే అది పలుచనిదని అర్థం. కొనేటప్పుడు వెడల్పుతోపాటు మందం కూడా చూడాలి. ఇనుము మీద ఇనుమును గట్టిగా బిగించేచోట ఇదే కారణంతో పెన్నీ వాషర్ బదులు మామూలు ప్లేన్ వాషర్ వేస్తారు.

స్ప్రింగ్ వాషర్ చేయగలిగేది, చేయలేనిది

ఒకచోట తెగి, రెండు చివరలు ఎగుడుదిగుడుగా ఉండే ఉంగరం స్ప్రింగ్ వాషర్. బిగించేటప్పుడు నట్టు కింద నలిగి చదునవుతుంది. దాని చివరలు నట్టులోకి, కింది ఇనుములోకి గుచ్చుకుని నట్టును వెనక్కి తిరగనివ్వవని, పట్టు కాస్త తగ్గినా స్ప్రింగులా తోస్తుందని నమ్మకం.

ఆ నమ్మకంలో కొంతే నిజం. తల మీద 4.6 అని ఉండే మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టును ఇనుము మీద సరిగ్గా బిగిస్తే, అది రెండు ముక్కల్ని దాదాపు 600 కిలోల బరువు పెట్టినంత బలంతో అదిమి పట్టుకుంటుంది. స్ప్రింగ్ వాషర్‌ను చదును చేయడానికి అందులో చిన్న భాగం చాలు. చదునయ్యాక అది ఇంకో ప్లేన్ వాషర్‌లాగే ఉంటుంది. తోయడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990లో వేసిన బోల్టుల కైపుస్తకం కూడా, నట్టు వదులు కాకుండా ఆపడానికి ఈ రకం వాషర్ పనికిరాదనే తేల్చింది.

మరి నట్టు ఎందుకు తిరుగుతుంది? జర్మనీ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో దీన్ని ప్రయోగంతో చూపారు. బోల్టును నిలువునా లాగే కదలిక కంటే, బిగించిన రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి అటూ ఇటూ పక్కకు జారడమే నట్టును ఎక్కువగా విప్పుతుంది. జారినప్పుడల్లా మరల మధ్య రాపిడి పట్టు తాత్కాలికంగా సడలుతుంది, నట్టు పిసరంత వెనక్కి తిరుగుతుంది. మా బల్ల కాళ్ళ దగ్గర జరిగింది అదే. పిల్లలు కూర్చుని బల్లను పక్కలకు ఊపుతారు. రంధ్రం 9, బోల్టు 8 కావడంతో ఒక మిల్లీమీటరు జారడానికి చోటుంది. అక్కడ కూడా స్ప్రింగ్ వాషర్ ఉంది. అయినా గీత తెగింది.

దీనికి మొదటి మందు, ముక్కలు అసలు జారకుండా తగినంత బిగించడం. అలాంటి బోల్టుకు 15 సెంటీమీటర్ల స్పానర్ చివర ఆరేడు కిలోల బలంతో లాగితే చాలు. చేత్తో కాస్త గట్టిగా లాగినట్టు ఉంటుంది. వేలాడి, పైపు తొడిగి బిగిస్తే మర పోతుంది. రెండో మందు నైలాక్ నట్టు. దాని లోపల పైభాగంలో నైలాన్ ఉంగరం ఉంటుంది. అది బోల్టు మరను పట్టుకుని, బిగుతు తగ్గినా నట్టు తనంతట తాను తిరగకుండా ఆపుతుంది. బోల్టు చివర ఆ నైలాన్ దాటి రెండు మరలైనా బయటికి రావాలి. విప్పి మళ్ళీ వేసినప్పుడు వేళ్ళతోనే సులువుగా తిరిగిపోతే నైలాన్ అరిగిందని అర్థం, కొత్తది వేయాలి.

అయితే స్ప్రింగ్ వాషర్‌ను పూర్తిగా తీసిపారేయాలా? అవసరం లేదు. ఎక్కువ బలంతో బిగించలేని చోట, అది చదునైపోకుండా ఉండే చోట దానికి పని ఉంది. కరెంటు తీగ చివరను బిగించే చిన్న స్క్రూల దగ్గర దాన్ని చూస్తుంటాం. ఎండాకాలం చెక్క కాస్త కుంగితే ఆ సందును కొంత పూడుస్తుంది కూడా. కానీ చెక్కను మాత్రం నేరుగా తాకకూడదు. దాని చివరలు చెక్కను కోసేస్తాయి. చెక్క మీద వాడాలంటే వరుస ఇలా ఉండాలి: చెక్క, దానిమీద వెడల్పాటి ప్లేన్ వాషర్, దానిమీద స్ప్రింగ్ వాషర్, ఆపైన నట్టు. ప్లేన్ వాషర్ మీద ఉన్నప్పుడు చివరలు గుచ్చుకునేది ఆ వాషర్‌లోనే. ఆ వాషరే తిరిగితే నట్టు కూడా దాంతో తిరగవచ్చు. కాబట్టి అప్పుడు కూడా దాన్ని తాళంగా లెక్కపెట్టకూడదు.

మా బల్లను ఎలా బాగుచేశాం

మా బల్లల్లో వీపు చెక్క నిలువు యాంగిళ్ళ వెనకవైపున ఉంటుంది. బోల్టు తల ముందు, ఇనుము మీద, చెక్క రెండు చివర్లలో ఉంటుంది కాబట్టి వీపుకు తగలదు. నట్టు వెనక, చెక్క మీద. పాప వెనక్కి ఆనిన ప్రతిసారీ చెక్క నట్టు వైపుకే తోసుకుపోతుంది. అందుకే వెడల్పు కావాల్సింది నట్టు వైపున, చెక్క మీద. ఇనుము వైపున తల కింద మామూలు ప్లేన్ వాషర్ చాలు. ఎటువైపు మెత్తని వస్తువు ఉందో అటువైపే పెన్నీ వాషర్ పడాలి. మేం ఇంతకాలం దీన్ని చూడలేదు.

బోల్టు పొడవు కూడా లెక్క వేశాం. యాంగిల్ 5, ప్లైవుడ్ 18, ప్లేన్ వాషర్ 1.6, పెన్నీ వాషర్ 2, నైలాక్ నట్టు 8, బయట రెండు మరలకు 2.5. మొత్తం 37.1 మిల్లీమీటర్లు. కాబట్టి 40 పొడవు బోల్టు సరిపోతుంది. పాపకు గీరుకున్న పాత బోల్టు 60 పొడవుది. వెనక బెంచీలో కూర్చునే పిల్లల మోకాళ్ళకు తగిలేంత పొడుగు అది. కొత్త బోల్టుల చివర మిగిలిన కొద్ది ముక్కనూ ఆయన ఆకురాయితో గుండ్రంగా అరగదీశారు.

నలిగిన గుంట మీద వాషర్ సమంగా కూర్చోదు. అందుకని పాత రంధ్రాన్ని చెక్క ముక్క, ఫెవికాల్‌తో పూడ్చి ఒక రాత్రి ఆరనిచ్చి, పక్కన గట్టి చెక్కలో కొత్తగా 9 మిల్లీమీటర్ల రంధ్రం వేశారు. చెక్క అంచుకు మరీ దగ్గరగా వేస్తే చీలుతుందని లోపలికి జరిపి, యాంగిల్‌కూ దానికి ఎదురుగా రంధ్రం వేశారు. రంధ్రం కొత్తదైనా మామూలు వాషర్‌తో సరిపెట్టలేదు. అరిగే గుణం ఆ చోటుకే ఉంది కనుక పెన్నీ వాషరే వేశారు.

బిగింపు దగ్గర ఆయన నా చేతికి స్పానర్ ఇచ్చారు. వాషర్ చెక్కకు ఆని, దాని అంచు చెక్కలో సన్నగా ముద్ర పడడం మొదలవగానే ఆపమన్నారు. ఇనుము మీద బిగించినంత చెక్క మీద బిగించకూడదు. ఆ 600 కిలోల బలాన్ని పెన్నీ వాషర్ ఉన్నా ప్లైవుడ్ తట్టుకోలేదు. చెక్క విషయంలో నట్టును నిలబెట్టేది బిగుతు కాదు, నైలాన్. బిగుతు చెక్క కదలకుండా ఉండేంత ఉంటే చాలు.

చివర్లో మళ్ళీ గీతలు గీశాం. వారం తర్వాత చూస్తే గీతలు తెగలేదు, కానీ చెక్కలో కొద్దిగా వదులు వచ్చింది. కొత్త చెక్క మొదట్లో కాస్త అణుగుతుందని, పావు చుట్టు బిగించి గీత కొత్తగా గీయమన్నారాయన. ఆ తర్వాత అది మళ్ళీ కదల్లేదు. ఇప్పుడు బడి తెరవగానే ఒకసారి, వానాకాలం పోయాక ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలు గదిగదికీ తిరిగి గీతలు చూస్తారు. నోటుపుస్తకంలో రెండే గడులు ఉంటాయి. గీత తెగిందా? చెక్క కదులుతోందా?

గీత తెగితే నట్టు తిరిగినట్టు, నైలాక్ నట్టు చూడాలి. గీత తెగకుండా చెక్క కదిలితే చెక్క నలిగినట్టు, నట్టు కింద ఏ వాషర్ ఉందో చూడాలి. రెండూ లేకపోతే ఆ బోల్టును ముట్టుకోకూడదు. బాగున్న బోల్టును ఊరికే ఇంకాస్త బిగించడంతోనే మా మూడో వరుస బల్ల పాడవడం మొదలైంది.